పోపులో గింజ ముందు, పొడి వెనుక

పోపు అంటే నూనెను బాగా కాచి, అందులో ఆవాలు, జిలకర, ఎండుమిరపకాయల వంటి దినుసులను కొద్ది క్షణాలు వేయించి, వాటి సువాసనను నూనెకు ఎక్కించి, ఆ నూనెను పప్పుకో చారుకో కూరకో పట్టించడం. కొన్ని ప్రాంతాల్లో దీన్నే తాలింపు అంటారు, ఇంకొన్ని చోట్ల తిరగమోత అంటారు. వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్ వైపు పోపు అన్న మాట అందరికీ తెలిసినదే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతమంతా యాసంగిలో పల్లి పండే నేల. అందుకే ఇక్కడి పోపుకు పల్లి నూనె సహజంగా కుదిరిన నూనె.

పోపు పెట్టేటప్పుడు ప్రతి వంటింట్లోనూ ఒక క్రమం కనబడుతుంది. ఆవాలు, జిలకర వంటి గింజలు ముందు పడతాయి. పసుపు, కారంపొడి, ధనియాల పొడి వంటివి తరువాత పడతాయి. చాలాసార్లు స్టవ్ కట్టేశాక గాని పడవు. ఈ క్రమం తారుమారైతే కారంపొడి నల్లబడుతుంది, ఇల్లంతా దగ్గులు మొదలవుతాయి, కూర చేదెక్కుతుంది. గింజ తట్టుకున్న వేడిని అదే గింజ పొడి ఎందుకు తట్టుకోలేదన్నదే ఇక్కడి ప్రశ్న. దీనికి సమాధానం రెండు విషయాల్లో ఉంది. ఒకటి ఆ వస్తువు ఎంత మందంగా ఉంది అన్నది, రెండోది దానిలోనూ దాని చుట్టూనూ ఎంత నీరు ఉంది అన్నది.

ముందు నూనె సంగతి. నీరు మరిగేది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర. మూత లేని గిన్నె కింద ఎంత మంట పెట్టినా నీరు అంతకన్నా వేడెక్కదు, ఆవిరైపోతుంది అంతే. నూనెకు ఆ హద్దు లేదు. అది 150 డిగ్రీలు, 180 డిగ్రీలు, 200 డిగ్రీలు అలా ఎక్కుతూనే పోయి, చివరికి పొగలు కక్కుతుంది. గానుగలో ఆడించిన పల్లి నూనె సుమారు 160 డిగ్రీల దగ్గరే పొగ మొదలుపెడుతుంది. శుద్ధిచేసిన పల్లి నూనె 220 డిగ్రీలు దాటేదాకా ఆగుతుంది. పోపుకు పనికొచ్చే వేడి నీరు మరిగే వేడికీ, నూనె పొగ కక్కే వేడికీ మధ్యలో ఉంటుంది. ఆ వేడిలో దినుసుల్లోని వాసన నూనెలు కరిగి బయటికి వస్తాయి. జిలకర, ధనియాలు, మెంతులు, ఇంగువ, వీటి వాసనలు చాలావరకు నీటిలో సరిగా కరగవు, నూనెలో ఇట్టే కరుగుతాయి. పసుపులోని రంగు, మిరపలోని ఎరుపు, మిరపలోని కారం కూడా అంతే. కాబట్టి దినుసును నేరుగా పప్పునీళ్లలో వేసి ఉడికిస్తే వచ్చే రుచి వేరు, నూనెలో వేయించి ఆ నూనెను పప్పులో కలిపితే వచ్చే రుచి వేరు. రెండో పద్ధతిలో రెండు చెంచాల నూనె ఆ వాసనను గిన్నె నిండా పరుస్తూ పోతుంది.

ఇక ఆవగింజ. దాని చుట్టూ గట్టి పొట్టు, లోపల నూనెతో నిండిన పప్పు, ఆ పప్పులో కొద్దిపాటి నీరు ఉంటాయి. ఎండిన ఆవాలు వంద గ్రాములు తీసుకుంటే అందులో ఆరేడు గ్రాముల నీరు మిగిలే ఉంటుంది. కాగిన నూనెలో పడగానే గింజ పైనుంచి లోపలికి వేడెక్కుతుంది. లోపలి నీరు ఆవిరిగా మారుతుంది. పొట్టు దాన్ని కాసేపు బంధించి ఉంచుతుంది. ఒత్తిడి పెరిగి పెరిగి పొట్టు పగిలిపోతుంది. చిటపట అనే శబ్దం అదే. నూనె తగినంత కాగలేదంటే ఆవిరి నెమ్మదిగా కారిపోతుంది, ఒత్తిడి పెరగదు, గింజ పగలదు. అప్పుడు ఆవాలు వేగకుండా నూనె పీల్చుకుని, పప్పులో పంటికింద గట్టిగా, కాస్త చేదుగా తగులుతాయి.

పగిలిన ఆవాలలో ఘాటు ఉండదు, కమ్మదనం ఉంటుంది. దీనికి కారణం వేరే ఉంది. ఆవాల ఘాటు గింజలో తయారుగా ఉండదు. గింజను నూరి నీరు తగిలించినప్పుడు, లోపల వేర్వేరు గదుల్లో ఉన్న రెండు పదార్థాలు కలుసుకుంటాయి. అందులో ఒకటి ఎంజైము. అది రెండోదాన్ని విరగ్గొట్టి ఘాటును పుట్టిస్తుంది. ఆవకాయలో పచ్చి ఆవపిండి ముక్కుకు ఎక్కేది అందుకే. కాగిన నూనెలో మాత్రం ఎంజైము వేడికి పాడైపోతుంది, ఘాటు పుట్టే అవకాశమే పోతుంది, వేగిన గింజ కమ్మదనం మిగులుతుంది. అంటే ఒకే ఆవాలు పొడిగా పచ్చడిలో ఒక పని చేస్తాయి, గింజగా పోపులో పూర్తిగా మరో పని చేస్తాయి. ఒకదానికి బదులు ఇంకొకటి వాడడం కుదరదు.

గింజకు పోపులో దొరికే వెసులుబాటు ఎంత? పెద్ద ఆవగింజ అడ్డంగా సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుందనుకుందాం. పై వేడి దాని నడిబొడ్డుకు చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొద్ది సెకన్లలో పైభాగం వేగుతూ ఉంటే, లోపలి భాగం ఇంకా నీటిని వదులుతూ చల్లగా ఉంటుంది. నీరు ఆవిరి కావడానికి వేడిని తీసుకుంటుంది కాబట్టి, నీరు ఉన్నంతసేపూ ఆ భాగం 100 డిగ్రీలకు దగ్గరలోనే నిలిచి ఉంటుంది. గింజ లోపలి తేమే దానికి కవచం. వంట చేసేవారికి అందులో దొరికేది సమయం. ఆవాలు చిటపటలాడడం మొదలయ్యాక జిలకర వేసి, అది ఒక రంగు మారేలోగా మిరపకాయ తుంచి వేసేంత తీరిక ఉంటుంది.

ఇప్పుడు అదే గింజను మెత్తగా పొడి చేశారనుకుందాం. పొడిలో ఒక్కో నలుసు 0.1 మిల్లీమీటరు ఉంటే, ఒక్క గింజ నుంచి 8000 నలుసులు వస్తాయి. బరువు మారలేదు. నూనెకు తగిలే పైభాగం మాత్రం ఇరవై రెట్లు పెరిగింది. దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మందం సగమైతే వేడి నడిబొడ్డుకు చేరే సమయం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మందం ఇరవయ్యో వంతు అయితే ఆ సమయం నాలుగు వందో వంతుకు పడిపోతుంది. గింజకు కొన్ని సెకన్లు పట్టిన పని నలుసుకు సెకనులో చాలా చిన్న వంతులో అయిపోతుంది. కనురెప్ప కొట్టేలోగా నలుసు లోపలా బయటా నూనెంత వేడెక్కి ఉంటుంది. దానిలో ఉన్న కొద్ది నీరూ అదే క్షణంలో ఎగిరిపోతుంది. కవచం ఉండదు, తీరిక ఉండదు.

దీనికి తోడు పొడి గిన్నెలో నిలిచే చోటు కూడా దానికి వ్యతిరేకమే. గింజలు చిటపటలాడుతూ నూనెలో ఎగిరెగిరి తిరుగుతుంటాయి. పొడి మాత్రం నూనె పీల్చుకుని బరువెక్కి అడుగుకు దిగి, లోహానికి అంటుకుంటుంది. మంట మీద ఉన్న గిన్నె అడుగు నూనె కన్నా వేడిగా ఉంటుంది. పైన నూనె సరిగానే ఉన్నట్టు కనబడుతున్నా, అడుగున అంటిన పొర అప్పటికే మాడుతూ ఉండడం దీనివల్లే.

మాడడం అంటే లోపల జరిగేదేమిటో కారంపొడిలో స్పష్టంగా చూడవచ్చు. పండిన మిరపకాయలో చక్కెరలు ఉంటాయి, మాంసకృత్తుల ముక్కలు ఉంటాయి, పీచు ఉంటుంది. 140 డిగ్రీలు దాటిన వేడిలో చక్కెరలు, మాంసకృత్తుల ముక్కలు కలిసి ఎర్రగా వేగడం మొదలుపెడతాయి. రొట్టె మీద పొక్కులు ఎర్రబడడం, పల్లీలు వేగి కమ్మని వాసన రావడం ఇదే మార్పు. అది మొదట్లో రుచికి మేలు చేస్తుంది. ఆ దశ దాటితే అవే పదార్థాలు గోధుమరంగు నుంచి నలుపుకు తిరిగి, చేదుగా బొగ్గవుతాయి. గింజలో ఈ మేలు దశ కొన్ని సెకన్లు నిలుస్తుంది. పొడిలో అది దాదాపు కనబడకుండానే దాటిపోతుంది. మిరపలోని ఎర్ర రంగు కూడా వేడికి నిలవదు. కాబట్టి మాడిన కారంపొడి మొదట ఇటుక రంగుకు, తరువాత కాఫీ గింజ రంగుకు, చివరికి నలుపుకు తిరుగుతుంది. ఇటుక రంగు దాకా రుచి నిలుస్తుంది, కాఫీ రంగు వచ్చిందంటే చేదు వచ్చినట్టే.

కారంపొడి మాడినప్పుడు వచ్చే దగ్గుకు కారణం ఉత్త పొగ కాదు. మిరపలోని కారం పదార్థం మాడు పొగతో పాటు సన్నని తుంపరగా గాలిలోకి లేస్తుంది. నాలుక మీద మంట పుట్టించేది ఏదో, గొంతులో, ముక్కులో, కళ్లలో మంట పుట్టించేదీ అదే. పొయ్యి దగ్గర ఉన్నవారికే కాదు, పక్కగదిలో పడుకున్న పిల్లలకు కూడా పొలమారుతుంది. వంట పాడయిందని కంటి కన్నా ముందు గొంతు చెప్పే సందర్భం ఇది.

మిగతా పొడులదీ ఇదే దారి, వేగం మాత్రమే తేడా. ధనియాల పొడిలో పొట్టు పీచు ఎక్కువ. అది నూనెను ఒక్కసారిగా పీల్చుకుని ఉండకట్టి, ఉండ అడుగున మాడి, నడుమ పచ్చిగా మిగులుతుంది. పసుపు చాలా మెత్తని పొడి. వేడి నూనెలో దాని పసుపుదనం చిక్కబడి, ఆ వెంటనే మట్టిరంగుకు తిరుగుతుంది. చిటికెడే పడుతుంది కాబట్టి మాడినా కనబడకుండా దాగిపోతుంది, పప్పుకు మాత్రం ఒక చేదు పట్టుకుంటుంది. మెంతిపొడికి పుట్టుకతోనే చేదు ఉంది. అది ఒక్క రంగు ఎక్కువ మారినా కూరంతా దాని పాలవుతుంది. వెల్లుల్లిది మరో రకం. శ్రీరంగాపూర్ వైపు ఎల్లిగడ్డ అని పిలిచే దీనిలో నీరు బాగా ఉంటుంది. కచ్చాపచ్చాగా దంచిన రెబ్బ నూనెలో పడితే మొదట నీరు వదులుతూ వేగుతుంది, నీరు అయిపోయాక చకచకా ఎర్రబడుతుంది. మెత్తగా నూరిన ముద్ద మాత్రం పొడిలాగే అడుగంటుతుంది.

మందం, నీరు అనే ఈ రెండు లెక్కలు తెలిస్తే పోపులో వేసే వరుస దానంతట అదే తేలుతుంది. శనగపప్పు, మినపపప్పు మందమైనవి, ఎండినవి. అవి లోపలిదాకా వేగాలంటే ఎక్కువ సమయం కావాలి. పులిహోర పోపులో అవి ముందుగా, ఇంకా మితమైన వేడిలోనే పడడం అందుకే. ఆవాలు పగలాలంటే వేడి ఎక్కువ కావాలి. జిలకర సన్నని గింజ, ఆవాలకన్నా త్వరగా రంగు మారుతుంది కాబట్టి వాటి తరువాత. ఎండుమిరపకాయ పేరుకు కాయే గాని, దాని తోలు కాగితమంత పలచన, నీరు దాదాపు లేదు. నిండు దినుసుల్లో అన్నిటికన్నా త్వరగా మాడేది అదే. అందుకే అది జిలకర వెనుక వస్తుంది. కరివేపాకు, అంటే ఊళ్లలో కల్యామాకు, పలచనైనదే అయినా ఆకు నిండా నీరు ఉంటుంది. ఆ నీరే దాన్ని కాసేపు కాపాడుతుంది, నూనెను కూడా కొంత చల్లారుస్తుంది. పోపు చివర్లో కరివేపాకు వేయడంలో వాసన ఒక్కటే లాభం కాదు. అది నూనె వేడిని ఒక మెట్టు దించి, ఆ తరువాత పడే పొడికి చోటు చేస్తుంది.

వేగుతున్న వస్తువు చేసే శబ్దం ఇక్కడ మంచి కొలత. నూనెలో చుయ్ మని వినబడుతున్నంతసేపూ నీరు ఆవిరిగా పోతున్నట్టు. ఆ శబ్దం తగ్గుతూ వచ్చిందంటే నీరు అయిపోవస్తున్నట్టు, అక్కడినుంచి మాడడానికి దూరం ఎంతో లేదు. ఆవాల చిటపట సద్దుమణగడం, కరివేపాకు చిటచిట ఆగిపోవడం, ఎల్లిగడ్డ చుయ్ మనడం మెత్తబడడం, ఇవన్నీ స్టవ్ కట్టేయమని చెప్పే గుర్తులు. పొడికి ఈ శబ్దం ఉండదు. వేసిన మొదటి క్షణంలో ఒక్కసారి సుర్ మంటుంది, అంతే. హెచ్చరిక లేకుండా మాడేది కాబట్టే పొడిని వేడి నూనెకు వదిలిపెట్టకూడదు.

పొడిని నూనెలో వేయకూడదని దీని అర్థం కాదు. పసుపు రంగు, మిరప ఎరుపు, ధనియాల వాసన నూనెలో కరగాలి. నీటిలోనే వేసి ఉడికిస్తే పచ్చివాసన పోవడానికి చాలాసేపు పడుతుంది, రంగు కూడా పైకి తేలదు. పొడికి నూనె కావాలి, కాని నూనె పూర్తి వేడి అక్కర్లేదు. ఈ రెంటినీ కలిపే దారులు మూడు ఉన్నాయి. మొదటిది స్టవ్ కట్టేసి, నూనె చల్లబడుతున్నప్పుడు పొడి వేసి, వెంటనే పప్పునో చారునో కలపడం. రెండోది ఉల్లిగడ్డ, టమాట వంటి నీరు వదిలే వాటిలో పొడి వేయడం. మూడోది పొడిని రెండు చెంచాల నీళ్లలో కలిపి ముద్దగా వేయడం. మూడింటిలోనూ జరిగేది ఒకటే. గింజకు దాని లోపలి తేమ ఇచ్చిన రక్షణను, పొడికి బయటినుంచి ఇవ్వడం.

నలుగురికి సరిపోయే పప్పును ఉదాహరణగా తీసుకుంటే మొదటి దారి తేటపడుతుంది. ఒక గ్లాసు కందిపప్పు, అంటే సుమారు 150 గ్రాములు, మెత్తగా ఉడికి, ఉప్పు, చింతపండు పులుసు కలిసి పొయ్యి పక్కన వేడిగా ఉంది. పోపుకు రెండు పెద్ద చెంచాల పల్లి నూనె, అర చెంచా ఆవాలు, అర చెంచా జిలకర, మూడు ఎండుమిరపకాయలు, ఆరు ఎల్లిగడ్డ రెబ్బలు, ఒక రెమ్మ కరివేపాకు, పావు చెంచా పసుపు, అర చెంచా కారంపొడి తీసి పెట్టుకోవాలి. అన్నీ ముందే చేతికి అందేలా ఉండాలి. పోపు మొదలయ్యాక డబ్బా మూత తీయడానికి పట్టే సమయం కూడా ఎక్కువే.

చిన్న ఇనుప మూకుట్లో నూనె పోసి మధ్యస్థంగా మంట పెట్టాలి. రెండు చెంచాల నూనె తక్కువ నూనె కాబట్టి చాలా వేగంగా కాగుతుంది. ఒక్క పది సెకన్లు అశ్రద్ధ చేస్తే ఇరవై ముప్పై డిగ్రీలు పెరిగిపోవచ్చు. నూనె పలచబడి, మూకుడు వంచితే నీళ్లలా జారుతుంటే, రెండు ఆవాలు వేసి చూడాలి. అవి నూనె అడుగుకు పోయి, రెండు మూడు సెకన్లలో పైకి లేచి పగిలితే వేడి సరిపోయినట్టు. పడగానే పేలిపోయి నల్లబడితే ఎక్కువైనట్టు. అప్పుడు మంట తీసేసి కాసేపు ఆగాలి. సరైన వేడిలో మిగిలిన ఆవాలు వేసి, చిటపట జోరందుకున్నాక జిలకర వేయాలి. జిలకర ఒక్కసారి ఉబ్బి, చుట్టూ నురగ కట్టి, కమ్మని వాసన వస్తుంది. అప్పుడే దంచిన ఎల్లిగడ్డ వేస్తే దాని నీటికి నూనె కొంత దిగుతుంది. రెబ్బల అంచులు బంగారు రంగుకు తిరిగేలోగా తుంచిన ఎండుమిరపకాయలు, వాటి వెంటే కరివేపాకు వేయాలి. మిరపకాయ ఉబ్బి నిగనిగలాడి ముదురు ఎరుపుకు రాగానే స్టవ్ కట్టేయాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, స్టవ్ కట్టేసిన క్షణంలోనే కారంపొడి వేయడం. మంట ఆగింది గాని వేడి ఆగలేదు. ఇనుప మూకుడు దళసరిది, దానిలో నిలవ ఉన్న వేడి ఇంకా నూనెలోకి వస్తూనే ఉంటుంది. పలచని స్టీలు గిన్నె అయితే త్వరగా చల్లబడుతుంది, ఇనుము అలా కాదు. కాబట్టి మూకుడును పొయ్యి మీదినుంచి దించి, కరివేపాకు చిటచిట పూర్తిగా ఆగేదాకా, అంటే ఇంచుమించు అర నిమిషం చూసి, అప్పుడు పసుపు, ఆ వెంటనే కారంపొడి వేయాలి. ఒక్క చుట్టు కలిపి, నూనె ఎర్రబడిందని కనబడగానే ఒక గరిటె పప్పును మూకుట్లోకే పోయాలి. పప్పులోని నీరు తగలగానే నూనె వేడి పడిపోతుంది, పొడి అక్కడితో భద్రం. ఆ మూకుడు పప్పును తిరిగి గిన్నెలో కలిపితే మూకుడుకు అంటిన రంగు, వాసన కూడా వృథా కావు. కారంపొడికి వేడి నూనెతో గడిచిన సమయం మొత్తం కలిపి అయిదారు సెకన్లు. రంగు, వాసన నూనెలోకి రావడానికి ఆ మాత్రం చాలు.

పోపు సరిగా పడిందా లేదా అన్నది పప్పు మీద తేలిన నూనె చెప్పేస్తుంది. తేలిన చుక్కలు ఎర్రగా, తేటగా ఉంటే సరిగా పడినట్టు. ఎరుపు లేకుండా పసుపుగానే ఉంటే కారంపొడి నూనెలో సరిగా కరగలేదు, నూనె మరీ చల్లారాక పడింది. గోధుమరంగులో మసకగా ఉండి, మధ్యన నల్లని నలుసులు కనబడితే మాడింది.

రెండో దారి కూరలది. వంకాయ కూరో, కోడి కూరో వండేటప్పుడు పోపు గింజల తరువాత ఉల్లిగడ్డ ముక్కలు పడతాయి. ఉల్లిగడ్డలో ఎక్కువ భాగం నీరే. అవి మెత్తబడుతున్నంతసేపూ గిన్నె అడుగు 100 డిగ్రీలకు మరీ దూరం పోదు. టమాట పడితే నీరు ఇంకా ఎక్కువవుతుంది. పసుపు, కారంపొడి, ధనియాల పొడి ఆ తడిలో పడితే మాడవు. కాని అక్కడితో పని అయిపోలేదు. తడిలో పొడి ఉడుకుతుంది గాని వేగదు, పచ్చివాసన నిలిచే ఉంటుంది. ముద్దను కలుపుతూ ఉంటే నీరు కొద్దికొద్దిగా ఆవిరై, కూర దగ్గరపడి, గిన్నె అంచుల్లో నూనె తేలుతుంది. నూనె తేలడం అంటే నీరు చాలావరకు పోయి, ముద్ద వేడి 100 డిగ్రీలు దాటడం మొదలైందని అర్థం. పొడి నిజంగా వేగేది ఆ కొద్దిసేపట్లోనే. రంగు ముదురుతుంది, వాసన మారుతుంది. ఒకటి రెండు నిమిషాలు వేగాక వంకాయ ముక్కలో, కోడి ముక్కలో, నీళ్లో పడకపోతే అడుగంటడం మొదలవుతుంది. అడుగంటుతోందనిపిస్తే రెండు చెంచాల నీళ్లు చల్లి గీకి కలిపితే ముద్ద తిరిగి వెనక్కి, భద్రమైన వేడికి వస్తుంది. నీరు పోనివ్వడం, చల్లడం, మళ్లీ పోనివ్వడం, ఇలా రెండు మూడుసార్లు చేస్తే కూర రంగు చిక్కబడుతుంది.

పచ్చి పులుసు ఈ రెంటికీ భిన్నమైన ఉదాహరణ. తెలంగాణ ఇళ్లలో వేసవిలో ఎక్కువగా చేసే ఈ పులుసును పొయ్యి మీద మరగబెట్టరు. చింతపండు నీళ్లలో ఉప్పు, తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర కలిపి, మిరపకాయలను నిప్పుల మీద కాల్చి చేత్తో పిసికి కలుపుతారు. పైన పోపు వేస్తారు. ఇక్కడ కారంపొడి వేస్తే దాని పచ్చివాసన పోయే దారే లేదు. తరువాత ఉడికించడం ఉండదు కాబట్టి. అందుకే మిరపకాయను నిండుగానే కాల్చి, వేగిన తరువాతే చిదుముతారు. వేయించడం ముందు, పొడి చేయడం వెనుక. రొట్టెలోకీ, అన్నంలోకీ చేసే పల్లి పొడి, నువ్వుల పొడి కూడా ఇదే వరుసలో నడుస్తాయి. పల్లీలు, ఎండుమిరపకాయలు, జిలకర నిండుగా వేయించి, చల్లారాక దంచుతారు. దంచాక వేయించాలని చూస్తే సగం మాడుతుంది, సగం పచ్చిగా ఉంటుంది. గింజకు మందం ఉంది కాబట్టి వేడిని సమంగా తీసుకుంటుంది, పొడి తీసుకోలేదు.

నిండు గింజకూ హద్దు ఉంది. ఆవాలు పగిలి బూడిదరంగులో నిలిచినంతవరకు బాగుంటాయి, ఆ తరువాత నల్లబడి చేదెక్కుతాయి. జిలకర ముదురు గోధుమరంగు దాటితే కమ్మదనం పోయి కమురు వాసన వస్తుంది. మెంతులు ఎర్రబడ్డాక ఒక్క క్షణం కూడా నిలవనివ్వకూడదు. గింజకు దొరికేది అదనపు సమయమే, అభయం కాదు. పొగలు కక్కే నూనెలో ఏ గింజా బతకదు. పాత పొడులది మరో హద్దు. దినుసును పొడి చేసినప్పుడు దాని వాసన నూనెలు గాలికి తెరుచుకుని రోజురోజుకూ ఎగిరిపోతుంటాయి. నెలల తరబడి డబ్బాలో ఉన్న ధనియాల పొడిని ఎంత జాగ్రత్తగా వేయించినా అందులోంచి వచ్చేది కొద్దే. వాసన రాలేదని వేడి పెంచితే మాడు ఒక్కటే మిగులుతుంది. అదే ధనియాలు నిండుగా ఉంటే పొట్టు లోపల వాసన చాలాకాలం నిలుస్తుంది.

పొడి మాడిపోయాక దాన్ని సరిచేసే ఉపాయం లేదు. బెల్లం వేసినా, చింతపండు పెంచినా, నీళ్లు పోసి మరిగించినా చేదు కాసేపు మరుగున పడుతుంది గాని పోదు. మాడు రుచి నూనెలో కరిగి గిన్నెంతా పరుచుకుని ఉంటుంది. పప్పులో కలపక ముందే తెలిస్తే ఆ నూనె పారబోసి, మూకుడు తుడిచి, మళ్లీ రెండు చెంచాల నూనెతో పోపు మొదలుపెట్టడమే మార్గం. పోయేది రెండు చెంచాల నూనె, చెంచాడు గింజలు. పప్పులో కలిపాక తెలిస్తే పోయేది గిన్నెడు పప్పు. అందుకే కారంపొడి వేసిన మూకుడును పప్పులో వంపే ముందు ఒక్కసారి రంగు చూడాలి. ఎరుపు ఉంటే వంపవచ్చు, కాఫీ రంగు ఉంటే ఆగిపోవాలి.